పర్మినెంట్ ఎప్పుడవుతుంది: ఆ ప్రశ్న ఎవరిని, ఎలా అడగాలి?

ఇంటర్వ్యూ అయిపోతుంది. రెండు రోజులకు ఫోన్ వస్తుంది: సెలెక్ట్ అయ్యారు, సోమవారం వచ్చి చేరండి అని. పోస్టు కాంట్రాక్టు. మదనపల్లెలో గానీ, పుంగనూరులో గానీ, కుప్పంలో గానీ ఏ ఇంట్లో చూసినా ఆ ఫోన్ పెట్టేయగానే పెద్దవాళ్లు అడిగే మాట ఒకటే: "పర్మినెంటేనా? కాకపోతే ఎన్నాళ్లకు అవుతుంది?" చేరబోయే పిల్లకో పిల్లాడికో ఆ ప్రశ్న మనసులో ఉంటుంది, అడగాలంటే మాత్రం నోరు రాదు. అడిగితే ఏమనుకుంటారో, వచ్చింది కాస్తా పోతుందేమో అని భయం. కొందరు ధైర్యం చేసి అడుగుతారు. "బాగా చేస్తే అవుతుందిలేమ్మా, ముందు చేరు" అనే జవాబు తీసుకుని ఇంటికి వస్తారు. అడగనివాళ్లకూ అడిగినవాళ్లకూ చివరికి తెలిసింది సమానమే. ఆ ప్రశ్న అడగాల్సిందేనని, కానీ ఇప్పుడు మనం అడుగుతున్న తీరులో దానికి జవాబు దొరకదని ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను. "ఎప్పుడు" అనే మాటకు అర్థం ఉండాలంటే, ఎదుటివాళ్ల చేతిలో ఒక తేదీ ఉండాలి. తేదీ వాళ్ల చేతిలో లేనప్పుడు వాళ్లిచ్చేది మర్యాద కోసం చెప్పే మాటే. ఆ తేదీ ప్రభుత్వంలో ఒకరి దగ్గర ఉంటుంది, ప్రైవేటు కంపెనీలో మరొకరి దగ్గర ఉంటుంది, ఏజెన్సీ ద్వారా వెళ్లే ఉద్యోగంలో చాలాసార్లు ఎవరి దగ్గరా ఉండదు.

ముందు ప్రభుత్వ ఉద్యోగాల సంగతి చూద్దాం. మన రాష్ట్రంలో కాంట్రాక్టు వాళ్లను పర్మినెంట్ చేయడం జరగనే లేదని ఎవరూ అనలేరు. జరిగింది. ఎలా జరిగిందో చూస్తే మన ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తాత్కాలిక నియామకాలను కట్టడి చేస్తూ 1994లో ఒక చట్టం చేశారు. ఉద్యోగ సంఘాల వాళ్లు ఇప్పటికీ దాన్ని యాక్ట్ 2 ఆఫ్ 94 అంటారు. దాని వెంటే వచ్చిన జీవో 212 ప్రకారం, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు నిండిన వాళ్లనే, అదీ ఖాళీలుంటేనే, పరిగణనలోకి తీసుకున్నారు. తర్వాత 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఉమాదేవి కేసులో తీర్పు ఇచ్చింది. బహిరంగ ప్రకటన, పోటీ లేకుండా వచ్చిన ఉద్యోగం ఎన్నేళ్లు చేసినా పర్మినెంట్ కోరే హక్కు పుట్టదని ఆ తీర్పు చెప్పింది. మంజూరైన పోస్టుల్లో, కోర్టు స్టేల అండ లేకుండా పదేళ్లకు పైగా పనిచేస్తున్నవాళ్ల విషయంలో మాత్రం ఒక్కసారికి పరిశీలించమంది. ఆ తర్వాత 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ చట్టం చేసింది. దాని గీత 2014 జూన్ 2, అంటే రాష్ట్రం విడిపోయిన రోజు. తెలంగాణ కూడా అదే తేదీని గీతగా పెట్టుకుని 2023 ఏప్రిల్ 30న 5,544 మందికి ఉత్తర్వులిచ్చింది.

ఈ తేదీలన్నిటిలో ఒక పోలిక ఉంది. ప్రతి గీతనూ వెనక్కి తిరిగి గీశారు. "ఇవాళ చేరినవాళ్లకు ఫలానా ఏడు తర్వాత పర్మినెంట్" అని ముందుకు చూసి ఎవరూ రాయలేదు. 1993 గీత దాటి చేరినవాళ్లకు తర్వాతి అవకాశం ఎప్పుడొస్తుందో ఆ రోజు ఎవరికీ తెలియదు. 2014 జూన్ 3న చేరినవాళ్లకు 2023 చట్టంలో చోటు లేదు. గీతకు ఇవతల ఉన్నవాళ్లు కూడా తొమ్మిదేళ్లు ఆగాల్సి వచ్చింది. చట్టం వచ్చాక కూడా శాఖల వారీగా ఫైళ్లు కదలాలి, పోస్టు మంజూరైనదో కాదో తేలాలి, అర్హత, రోస్టరు సరిపోవాలి. అవుట్‌సోర్సింగ్ వాళ్లు ఆ చట్టం పరిధిలోకే రాలేదు. ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరి పేరు కాంట్రాక్టు జాబితాలో ఉంటుంది, ఇంకొకరిది ఏజెన్సీ బిల్లులో ఉంటుంది. చట్టం వచ్చిన రోజున ఆ తేడా బయటపడింది.

అందుకే కలెక్టరేట్‌లోనో ఆసుపత్రిలోనో ఎదురుగా కూర్చున్న కమిటీని "సార్, ఇది పర్మినెంట్ అవుతుందా?" అని అడిగితే, వాళ్లు ఎంత మంచివాళ్లయినా నిజమైన జవాబు ఇవ్వలేరు. అది వాళ్ల అధికారంలో లేదు. ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, మంత్రివర్గం నిర్ణయించాలి, చట్టమో జీవోనో రావాలి. పైగా మన దగ్గర ఇప్పుడు చాలా కాంట్రాక్టు పోస్టులకు ఇంటర్వ్యూనే ఉండదు. మార్కుల జాబితా, సర్టిఫికెట్ల పరిశీలన, ఖాళీ ఎంచుకోవడం, అంతే. చేరేముందు స్టాంపు కాగితం మీద ఒక ఒప్పందం రాయించుకోవడం కూడా మామూలే. పర్మినెంట్ కోరే హక్కు ఉండదనే మాట అలాంటి ఒప్పందాల్లో సాధారణంగా ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే సంతకం పెడతారు. నోటిఫికేషన్‌లోనూ అదే ఉంటుంది: పూర్తిగా తాత్కాలికం, ఒక ఏడాదికి, అవసరాన్ని బట్టి పొడిగింపు. రాతలో ఇంత స్పష్టంగా ఉన్న జవాబును నోటిమాటగా మార్పించుకోవాలని చూడటంలో ప్రయోజనం లేదు.

మరి ప్రభుత్వ కాంట్రాక్టులో చేరేవాళ్లు ఏమీ అడగకూడదా? అడగాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. పుంగనూరు దగ్గరి ఒక పల్లెకు చెందిన అమ్మాయి ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసిందనుకుందాం. డిప్లొమాలో 70 శాతం మార్కులు. పాసై ఒక ఏడాది అయింది. జిల్లా నోటిఫికేషన్‌లో కాంట్రాక్టు పోస్టు వచ్చింది. కౌన్సెలింగ్‌లో ఆమె ముందు రెండు ఖాళీలున్నాయి: మదనపల్లె పట్టణంలో ఒకటి, పుంగనూరు వైపు పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకటి. పట్టణంలో బస్సు సౌకర్యం బాగుంటుంది, ఇంకో పార్ట్‌టైం పని కూడా దొరకవచ్చు. చాలామంది పట్టణమే కోరుకుంటారు. ఇక్కడే ఆ అమ్మాయి తన ప్రశ్నను మార్చుకోవాలి. ఈ పోస్టు పర్మినెంట్ అవుతుందా అన్నదాన్ని పక్కనపెట్టి, ఇక్కడ చేసిన సర్వీసు రేపు రెగ్యులర్ నోటిఫికేషన్‌లో తనకు ఎన్ని మార్కులు తెస్తుందో అడగాలి.

మన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ నియామకాల్లో కొన్నేళ్లుగా నడుస్తున్న లెక్క ఇది. నూటికి 75 మార్కులు చదువులో వచ్చిన శాతానికి. చదువు పూర్తయ్యాక గడిచిన ప్రతి ఏడాదికి ఒక మార్కు చొప్పున గరిష్ఠంగా పది. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు గరిష్ఠంగా 15. ఈ పదిహేను మార్కుల్లో ప్రతి ఆరు నెలల సర్వీసుకు గిరిజన ప్రాంతంలో రెండున్నర, గ్రామీణ ప్రాంతంలో రెండు, పట్టణంలో ఒకటి. ఇప్పుడు లెక్క వేయండి. మన అమ్మాయి మూడేళ్లు పట్టణంలో చేస్తే ఆరు మార్కులు, పల్లెలో చేస్తే పన్నెండు. చదువుకు 52 పాయింట్ 5, గడిచిన నాలుగేళ్లకు నాలుగు. పల్లె సర్వీసుతో కలిపితే 68 పాయింట్ 5, పట్టణం సర్వీసుతో అయితే 62 పాయింట్ 5. ఆ ఆరు మార్కుల తేడా చదువులో ఎనిమిది శాతంతో సమానం. డిప్లొమాలో 78 శాతం తెచ్చుకుని పట్టణంలో పనిచేసిన అమ్మాయి పక్కన ఈమె అదే స్థాయిలో నిలబడుతుంది. రెగ్యులర్ జాబితాలో పావు మార్కు తేడాతో పోస్టులు చేజారుతుంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. నోటిఫికేషన్‌కూ నోటిఫికేషన్‌కూ నిబంధనల్లో మార్పులు ఉండొచ్చు గనుక ఆ రోజున్న పాఠం చదివి లెక్క సరిచూసుకోవాలి. కానీ దిశ మాత్రం ఇదే: ఆమె చేరిన పోస్టు ఎప్పటికీ కాంట్రాక్టుగానే మిగలవచ్చు, ఆమె మాత్రం వేరే దారిలో రెగ్యులర్ కావచ్చు.

అలాంటప్పుడు ఆమె కౌన్సెలింగ్ బల్ల దగ్గర అడిగే ప్రశ్నలకు అక్కడి సూపరింటెండెంట్ నిజంగా జవాబు చెప్పగలడు. "సార్, ఈ కేంద్రం గ్రామీణం కిందికి వస్తుందా, పట్టణం కిందికి వస్తుందా? సర్వీసు సర్టిఫికెట్ ఎవరు సంతకం చేసి ఇస్తారు? పోస్టు మంజూరైనదా, పథకం కింద వచ్చిందా? జీతం ఏ పద్దు నుంచి వస్తుంది?" ఈ ప్రశ్నలకు ఎవరికీ కోపం రాదు. ప్రతి దానికీ ఫైలులో జవాబు ఉంటుంది. పథకం పోస్టు అయితే పథకం ఉన్నంత కాలమే ఉద్యోగమని అప్పుడే తెలిసిపోతుంది. మంజూరైన పోస్టు అయితే ఎప్పుడైనా మళ్లీ గీత గీసినప్పుడు కనీసం లెక్కలోకి వచ్చే అవకాశం ఉంటుంది. తప్పు జరిగేది సాధారణంగా సర్టిఫికెట్ దగ్గర. ఆరు నెలలు పూర్తయితేనే మార్కులు గనుక అయిదు నెలల ఇరవై రోజులకు మానేస్తే చేతికి సున్నా. అధికారం లేని డాక్టరుతో సంతకం చేయించుకున్న కాగితం పరిశీలనలో పక్కకు పోతుంది. చేరిన తేదీ, పొడిగింపు ఉత్తర్వు, మధ్యలో ఇచ్చిన విరామం, వీటి కాపీలు ప్రతి మార్చి నెలలో దాచుకోకపోతే, మూడేళ్ల తర్వాత అదే ఆఫీసులో ఆ ఫైలు వెతికిపెట్టే నాథుడు ఉండడు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కోర్టులు ఇప్పుడు మారాయి కదా అంటారు. నిజమే. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు, ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని ఏళ్ల తరబడి పని చేయించుకున్నవాళ్లను బయటికి నెట్టడం తప్పని చెప్పి, కేంద్ర జల సంఘంలో ఊడ్చి తుడిచే పని చేసినవాళ్లను క్రమబద్ధీకరించమంది. అంతకుముందు 2016లో పంజాబ్ రాష్ట్రం వర్సెస్ జగ్జీత్ సింగ్ కేసులో అదే కోర్టు, ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ స్కేలులో కనీస వేతనం ఇవ్వాలని చెప్పింది. ఇవి చాలా పెద్ద తీర్పులు, ఇప్పటికే ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లకు ఆసరా. అయితే జగ్గో కేసులోని కాలాన్ని గమనించండి. ఆ కార్మికుల్లో మొదట చేరినవాళ్లు 1993లో చేరారు. 2018లో తీసేశారు. తీర్పు వచ్చింది 2024లో. ఇవాళ ఇరవై నాలుగేళ్ల వయసులో చేరబోయే మనిషికి ఇది కాలపట్టిక అవుతుందా? హక్కు ఉండటం వేరు, హక్కు చేతికి రావడానికి పట్టే కాలం వేరు. ఇంటర్వ్యూ అయ్యాక మనం అడుగుతున్నది ఆ రెండో సంగతి. ఉన్న ఉద్యోగి కోర్టు తలుపు తట్టడం సరైనదే. చేరబోయే మనిషి మాత్రం కోర్టును నమ్ముకుని చేరకూడదు.

ఇక ప్రైవేటు కంపెనీలు. కుప్పం రైల్వే స్టేషన్‌లో బెంగుళూరు వైపు వెళ్లే బండి కోసం నిలబడే కుర్రవాళ్లను తలుచుకోండి. మదనపల్లె, పుంగనూరు నుంచి కోలారు వైపు వెళ్లేవాళ్లు, కుప్పం నుంచి హోసూరు, కృష్ణగిరి వైపు వెళ్లేవాళ్లు ఎందరో. ఐటీఐయో డిప్లొమానో చదివి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేరతారు. ఇక్కడ పర్మినెంట్ చేసే అధికారం కంపెనీ చేతిలో నిజంగా ఉంటుంది గనుక ఇక్కడ ఆ ప్రశ్న నేరుగానే అడగాలి. కానీ అంతకుముందు ఇంకో చిన్న ప్రశ్న తేలాలి: మీరు ఎవరి మనిషి? ఇంటర్వ్యూ చేసింది కంపెనీ వాళ్లు, గేటు మీద బోర్డు కంపెనీది, టోపీ మీద గుర్తు కంపెనీది. ఆఫర్ లెటర్ మాత్రం పేరు కూడా వినని ఒక మ్యాన్‌పవర్ ఏజెన్సీది. చేరాక పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూస్తే సంస్థ పేరు దగ్గర ఆ ఏజెన్సీ పేరే ఉంటుంది. అప్పుడు కంపెనీ సూపర్‌వైజరు "నిన్ను పర్మినెంట్ చేయిస్తాను" అన్నాడంటే, తన జాబితాలో లేని మనిషికి మాటిస్తున్నాడని అర్థం. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు కార్మిక వ్యవస్థను రద్దు చేసినా కార్మికులు తమంతట తాముగా అసలు కంపెనీ ఉద్యోగులు అయిపోరని తేల్చింది. కాంట్రాక్టు అనేది ఉత్త కాగితం నాటకమని రుజువైతే సంగతి వేరు. ఆ రుజువు మళ్లీ లేబర్ కోర్టులో చేయాల్సిందే.

ఈ మూడు ఊళ్లలోనూ వినిపించే ఒక నమ్మకం గురించి ఇక్కడ చెప్పాలి. "240 రోజులు చేస్తే పర్మినెంట్ చేయాలి, చట్టం ఉంది" అంటారు. అలా రాసి లేదు. పారిశ్రామిక వివాదాల చట్టంలో 240 రోజుల లెక్క ఉండేదన్నమాట నిజమే. అది తీసేసేటప్పుడు నోటీసు, నష్టపరిహారం ఇవ్వాలా వద్దా అన్నదానికి పెట్టిన లెక్క. పర్మినెంట్‌కు దానితో సంబంధం లేదు. మరి ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చింది? సరిహద్దు అవతల ఇంకో లెక్క ఉంది, బహుశా ఆ రెండూ కలిసిపోయి ఉంటాయి. తమిళనాడులో 1981లో చేసిన చట్టం ప్రకారం, పారిశ్రామిక సంస్థలో 24 నెలల్లో 480 రోజులు ఎడతెగకుండా పనిచేసిన కార్మికుడికి పర్మినెంట్ హోదా ఇవ్వాలి. దానికి మినహాయింపులున్నాయి, అయినా అది తేదీ పెట్టి చెప్పిన చట్టం. కుప్పం కుర్రవాడు హోసూరులో చేరితే ఆ చట్టం నీడలోకి వస్తాడు. అదే పని కోలారు వైపు గానీ మన చిత్తూరు వైపు గానీ చేస్తే రాడు. అందుకే హోసూరు పక్క కొన్నిచోట్ల 480 రోజులు నిండకముందే పని ముగించే అలవాటు, అప్రెంటిస్‌గానో ట్రైనీగానో కాగితం రాసే అలవాటు కనిపిస్తాయి. ఆఫర్‌లో "పద్దెనిమిది నెలల ట్రైనీ" అని ఉంటే, ఆ పద్దెనిమిది ఎందుకు పెట్టారో ఒక్కసారి ఆలోచించండి. మరో మార్పు కూడా తెలిసి ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం, కంపెనీ నేరుగా నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి అదే పని చేసే రెగ్యులర్ ఉద్యోగితో సమానంగా జీతం, సదుపాయాలు ఇవ్వాలి, ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ కూడా వస్తుంది. గడువు ముగిశాక మాత్రం ఉద్యోగం దానంతట అదే ముగుస్తుంది. పొడిగించి తీరాలని లేదు.

ఇంత తెలిశాక ఎలా అడగాలి, ఎప్పుడు అడగాలి? ఇంటర్వ్యూ మధ్యలో కాదు. అప్పటికి వాళ్లు మిమ్మల్ని తూకం వేస్తుంటారు. సెలెక్ట్ అయ్యారని చెప్పాక, మీరు ఒప్పుకున్నామని చెప్పకముందు, ఆ మధ్యలో ఉండే రెండు మూడు రోజులే సరైన సమయం. ఫోన్‌లో మాట్లాడి, అదే మాట మెసేజ్‌గానో మెయిల్‌గానో పంపాలి. మాటలు ఇలా ఉండొచ్చు: "నమస్కారం మేడం. అవకాశం ఇచ్చినందుకు సంతోషం. చేరడానికి సిద్ధంగా ఉన్నాను. ఒక్క విషయం తెలుసుకోవాలి. ఈ పనిలో కాంట్రాక్టు మీద చేరినవాళ్లను కంపెనీ రోల్స్‌లోకి తీసుకునే పద్ధతి ఉందా? ఉంటే రివ్యూ ఎన్ని నెలలకు జరుగుతుంది, నిర్ణయం ఎవరిది? పోయినేడు ఇదే పనిలో చేరినవాళ్లలో ఎవరినైనా తీసుకున్నారా?" ఇందులో "నన్ను పర్మినెంట్ చేస్తారా" అన్న మాట లేదు. అలా అడిగితే వాళ్లు మీ గురించి భవిష్యత్తు చెప్పాలి, అందుకే తప్పించుకుంటారు. పద్ధతి గురించి, పోయినేటి గురించి అడిగితే ఉన్నది చెబితే చాలు, వాళ్లకూ సులువు.

వచ్చే జవాబును ఎలా చదవాలన్నదే అసలు పని. "బాగా చేస్తే చూస్తాం" అంటే ఆ మాటలో తేదీ లేదు, మనిషి లేడు, కొలత లేదు. దాన్ని లేదనే జవాబుగానే తీసుకోండి. "ఆరు నెలలకు రివ్యూ ఉంటుంది, ప్లాంట్ మేనేజర్ సిఫారసు చేస్తే హెచ్‌ఆర్‌కు వెళుతుంది, ఖాళీ ఉంటే ఏడాదిలోపు అవుతుంది, పోయినేడు ఇద్దరిని తీసుకున్నాం" అంటే అది నిజమైన జవాబు. అందులో ఖాళీ ఉంటే అన్న షరతు ఉంది, పర్వాలేదు. ఆ షరతు ఎవరి చేతిలో ఉందో తెలిసింది. "మీరు ఏజెన్సీ రోల్స్‌లో ఉంటారు, డైరెక్ట్ ఉద్యోగాలు ప్రకటించినప్పుడు కొత్తగా అప్లై చేసుకోవాలి" అంటే అదీ మంచి జవాబే, చేదుగా ఉన్నా సరే. ఫోన్‌లో ఎంతో భరోసాగా మాట్లాడి, మెయిల్‌కు మాత్రం "ఆఫర్ లెటర్‌లోని నిబంధనలు చూడగలరు" అని రాశారంటే, రాసిన మాటనే నమ్మండి.

అడిగితే ఉద్యోగం పోతుందేమో అన్న భయం గురించి నాకు రెండు మాటలున్నాయి. ఎంపిక అయ్యాక మర్యాదగా పద్ధతి గురించి అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకునే సంస్థ ఉండొచ్చు, లేదనను. ఆ సంస్థలో రేపు ఓవర్‌టైం గురించి అడిగినా, సెలవు గురించి అడిగినా జరిగేది అదే. కానీ చాలాచోట్ల హెచ్‌ఆర్‌లో పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు, రోజూ వినేదే. వాళ్లకు చికాకు తెప్పించేది పదే పదే అడగడం, అప్పుడే హామీ ఇవ్వమని పట్టుబట్టడం, నాన్న చేతో మామయ్య చేతో ఫోన్ చేయించడం. మన పల్లెల్లో ఈ చివరిది ఎక్కువ. ఒక్కసారి, ఒక్కరే, రాతలో అడిగితే చాలు.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. "ఇంట్లో అప్పులున్నాయి. టమాటా ధర పడిపోయింది. వాళ్లు ఏమన్నా చేరక తప్పదు. అలాంటప్పుడు అడిగి ఏం లాభం?" అంటారు. జవాబు ఏదైనా చేరాల్సిందే అయిన మనిషికే ఆ జవాబు అందరికంటే ఎక్కువ అవసరం. ఎందుకంటే దాన్ని బట్టి చేరాక చేసే పనులు మారతాయి. తేదీ ఉన్న ఉద్యోగంలో ఆ తేదీ దాకా ఓపిక పట్టి అక్కడే పేరు తెచ్చుకోవాలి. తేదీ లేని ఉద్యోగంలో మొదటి నెల నుంచే వేరే పరీక్షకు చదవాలి, సర్టిఫికెట్లు కూడబెట్టుకోవాలి, ఆ జీతాన్ని నమ్ముకుని కొత్త అప్పు చేయకూడదు. మదనపల్లెలో ఒక కాంట్రాక్టు ఉద్యోగి పర్మినెంట్ అవుతుందన్న ధీమాతో పదేళ్ల వాయిదాల మీద ఇల్లు కడితే, ఆ ధీమా ఎవరిచ్చిందో తర్వాత వెతికినా దొరకదు. అదే మనిషి మొదట్లోనే లేదన్న జవాబు విని ఉంటే, రెండో ఏడాది డీఎస్సీనో మెడికల్ బోర్డు నోటిఫికేషనో వదులుకునేవాడు కాదు. ఇక్కడ వయోపరిమితి అనే గడియారం కూడా ఒకటి నడుస్తూ ఉంటుంది. కాంట్రాక్టులో గడిచిన ఏళ్లకు వయసు సడలింపు కొన్ని నోటిఫికేషన్లలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ముప్పై ఎనిమిదేళ్లకు నిబంధన చదివి తెలుసుకునేకంటే ఇరవై అయిదేళ్లకు తెలుసుకోవడం మేలు.

జవాబు వచ్చాక ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని కాస్తే ఉంది. ఆ మెయిల్‌ను, ఆఫర్ లెటర్‌ను, ప్రభుత్వ పోస్టు అయితే నోటిఫికేషన్ కాపీని, సంతకం పెట్టిన ఒప్పందం జిరాక్సును ఒకే కవరులో పెట్టాలి. రివ్యూ ఆరు నెలలకు అన్నారు కదా, అయిదో నెల చివరి వారంలో ఆ మెయిల్‌నే మళ్లీ తెరిచి, దానికిందే "మేడం, మీరు చెప్పిన రివ్యూ వచ్చే నెల రావాలి, నా వైపు నుంచి ఏం కావాలో చెప్పగలరు" అని రాయాలి. ఆ మెయిల్‌కు వచ్చే జవాబుతో, ఇంటర్వ్యూ రోజున చెప్పిన తేదీ ఎంత నిజమో తేలిపోతుంది.